ఒకే ఐపీవీ6 అడ్రస్ ఫైర్‌వాల్‌లో ఒకలా, అప్లికేషన్ లాగ్‌లో ఇంకోలా పడుతోంది. ఏది కరెక్ట్?

ప్రసాద్_లాగ్స్

ఈ వారమంతా దీంతోనే సరిపోయింది. మాకు రిపోర్టులు పంపే వెండర్ సర్వర్ ఒకటుంది. దాని ఐపీవీ6 అడ్రస్‌ని మా అప్లికేషన్ అనుమతి జాబితాలో పెట్టాం. వాళ్ల కనెక్షన్ ఫైర్‌వాల్ దాటి లోపలికి వస్తోంది, తీరా అప్లికేషన్ దగ్గరకొచ్చేసరికి తెలియని అడ్రస్ అని తోసేస్తోంది. వెండర్ మెయిల్‌లో ఇచ్చింది, ఫైర్‌వాల్ చూపించేది, అప్లికేషన్ లాగ్‌లో పడేది, వరసగా ఇవీ:

```
2001:0db8:0000:0000:0001:0000:0000:0001
2001:db8::1:0:0:1
2001:DB8:0:0:1::1
```

అసలు అడ్రస్ బయటపెట్టకూడదని ముందు భాగం మార్చి పెట్టాను. ఈ మూడూ ఒకటేనా? ఒకటే అయితే ఆ రెండు చుక్కల జంట ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక ఎందుకు పడింది? ఇంకో డౌట్ కూడా ఉంది. వెండర్ వాళ్లు వాళ్ల సర్వర్ స్క్రీన్‌షాట్ పంపితే అందులో ఒకే ఇంటర్‌ఫేస్ మీద fe80తో ఒకటి, fdతో ఒకటి, 2001తో ఒకటి ఉన్నాయి. జాబితాలో వీటిలో ఏది పెట్టాలి, అన్నీ పెట్టేయాలా?

వైజాగ్_వైర్

మూడూ ఒకటే బ్రో. సున్నాలు ఎక్కడుంటే అక్కడ :: పెట్టుకోవచ్చు. కావాలంటే రెండు చోట్లా పెట్టి 2001:db8::1::1 అని ఇంకా చిన్నగా రాసుకో. fd అడ్రస్ జాబితాలో పెట్టు, అది మన 192.168 లాంటిది, సేఫ్.

పాతకేబుల్

మొదటి మాట నిజం, మిగతా రెండూ కాదు.

రెండు చోట్ల :: ఎందుకు కుదరదో లెక్కేస్తే తెలుస్తుంది. మొత్తం ఎనిమిది గ్రూపులు ఉండాలి. 2001:db8::1::1లో కనిపించేవి నాలుగు, అంటే నాలుగు సున్నా గ్రూపులు ఆ రెండు ఖాళీల్లో సర్దాలి. ముందు ఒకటి వెనక మూడు పెట్టొచ్చు, చెరి రెండు పెట్టొచ్చు, ముందు మూడు వెనక ఒకటి పెట్టొచ్చు. మూడూ మూడు వేరే అడ్రస్‌లు. చదివే ప్రోగ్రామ్‌కి నీ మనసులో ఏముందో తెలియదు కదా, అందుకే ఒక అడ్రస్‌లో :: ఒక్కసారే రావాలి. రెండుసార్లు రాస్తే అది అడ్రసే కాదు, సరిగా రాసిన ఏ పార్సర్ అయినా ఎర్రర్ ఇస్తుంది.

ఇక ప్రసాద్ అడిగినది. వెండర్ ఇచ్చిన పొడుగు అడ్రస్ తీసుకుని ప్రతి గ్రూపులో ముందున్న సున్నాలు కొట్టేస్తే ఇది మిగులుతుంది:

```
2001:db8:0:0:1:0:0:1
```

ఇందులో పక్కపక్కన సున్నాలున్న చోట్లు రెండు, రెండూ సమానం. ఏదో ఒకదాన్నే కుదించాలి. ఏది అన్నది 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4291 చెప్పలేదు, రాసేవాడి ఇష్టానికి వదిలేసింది. నీ ఫైర్‌వాల్ ముందుదాన్ని తీసుకుంది, అప్లికేషన్ వెనకదాన్ని తీసుకుంది. సరిగ్గా ఇలాంటి తలనొప్పి కోసమే 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5952 వచ్చింది. రాసిన ఇద్దరూ జపాన్‌లో ఎన్‌ఈసీ గ్రూపు ఇంజనీర్లు. లాగ్‌లో, ఎక్సెల్ షీట్‌లో వెతికితే అడ్రస్ దొరక్కపోవడం గురించి అందులో విడిగా రాశారు కూడా. అది చెప్పేది ఏంటంటే, పొడవైన సున్నాల వరసనే కుదించాలి, రెండు వరసలు సమానమైతే ఎడమ పక్కది కుదించాలి, అక్షరాలు చిన్నవే వాడాలి. ఆ లెక్కన ఫైర్‌వాల్ రాసిందే ప్రామాణిక రూపం.

అలాగని అప్లికేషన్ లాగ్‌లో ఉన్నది తప్పు అడ్రస్ కాదు. 5952 అడ్రస్ ఎలా రాయాలో చెబుతుంది, చదివేటప్పుడు మాత్రం పాత పద్ధతిలో సరిగ్గా ఉన్న ఏ రూపాన్నైనా ఒప్పుకోవాలనే అంటుంది. నీ అప్లికేషన్ అక్కడే తేడా చేస్తోంది. అడ్రస్‌ని అడ్రస్‌లా కాకుండా ఉత్త టెక్స్ట్‌లా పోలుస్తోందని నా అనుమానం.

అన్నట్టు 2001:db8 పెట్టడం మంచి పని. అది ఇలాంటి ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన బ్లాక్, నెట్‌లో ఎవరిదీ కాదు.

కొత్త_బ్యాచ్

నాకు సోమవారం ఇంటర్నల్ ఎగ్జామ్ ఉంది. అడ్రస్ చిన్నగా రాస్తే ప్యాకెట్ హెడర్ సైజు తగ్గుతుందా, ఎంత తగ్గుతుంది? మా నోట్స్‌లో "కంప్రెషన్" అని రాసుంది.

సుజాత_డీబీ

తగ్గదు తమ్ముడూ. వైరు మీద ఎప్పుడూ 128 బిట్లే, సోర్స్‌కి పదహారు బైట్లు, డెస్టినేషన్‌కి పదహారు బైట్లు. ఈ కుదింపు అంతా మనుషులు చూసే టెక్స్ట్‌లోనే. ::1 అని మూడు అక్షరాలు రాసినా ప్యాకెట్‌లో వెళ్లేది అంతే.

ప్రసాద్, మీ అప్లికేషన్ ఏ భాషలో ఉంది? జావాలో getHostAddress() అయితే అసలు :: వాడదు, 2001:db8:0:0:1:0:0:1 అని బారుగా ఇస్తుంది. మీ లాగ్‌లో పెద్ద అక్షరాలు ఉన్నాయంటే ఎవరో సొంతంగా రాసుకున్న ఫార్మాటర్ అనిపిస్తోంది.

ప్రసాద్_లాగ్స్

పాతకేబుల్ గారి అనుమానం నిజమే. కోడ్ చూశాను, జాబితాలో ఉన్న స్ట్రింగ్, వచ్చిన స్ట్రింగ్ సమానమా అని చూస్తోంది, అంతే. సుజాత గారు అన్నట్టు ఫార్మాటర్ కూడా సొంతదే, ఎప్పుడో ఎవరో రాసి వెళ్లిపోయారు. పైథాన్‌లో ఉంది. జాబితాలో అప్లికేషన్ రాసే రూపమే పెట్టేస్తే ఇవాళ్టికి పని అయిపోతుంది. అలా చేయొచ్చా?

పాతకేబుల్

ఇవాళ్టికి అయిపోతుంది, ఆ ఫార్మాటర్ మార్చిన రోజు మళ్లీ ఆగుతుంది. పైథాన్ అంటున్నావు కాబట్టి చేతిలోనే ఉంది:

```
>>> import ipaddress
>>> a = ipaddress.ip_address('2001:DB8:0:0:1::1')
>>> str(a)
'2001:db8::1:0:0:1'
>>> a.exploded
'2001:0db8:0000:0000:0001:0000:0000:0001'
```

జాబితాలోది కూడా ఇలాగే ip_addressగా మార్చి, ఆ రెండు ఆబ్జెక్టులను పోల్చు. అప్పుడు ఎవరు ఏ రూపంలో ఇచ్చినా ఫర్వాలేదు. లోపలికి రాగానే మార్చుకోవాలి, పోల్చే చోట మార్చుదాం అనుకుంటే ఏదో ఒక చోట మర్చిపోతాం.

వైజాగ్_వైర్

రెండు :: సంగతి ఒప్పుకుంటున్నా. మరి ఒక్క సున్నా గ్రూపే ఉంటే? 2001:db8:0:1:1:1:1:1 ని 2001:db8::1:1:1:1:1 అని రాస్తే ఇద్దరికీ అర్థమయ్యేది ఒకటే కదా, అందులో గందరగోళం ఏముంది?

పాతకేబుల్

గందరగోళం లేదు, చదవడానికి అది చెల్లుతుంది. కానీ 5952 ప్రకారం ఒక్క గ్రూపు కోసం :: వాడకూడదు, 0 అనే రాయాలి. కారణం అదే, ఒక అడ్రస్‌కి ఒకే రాత ఉండాలి. పాత సాఫ్ట్‌వేర్ కొన్ని ఇక్కడ :: పెట్టేవి, వాటి లాగ్‌లు ఇప్పటి వాటితో కలిపి చూస్తే పోలిక కుదరదు.

నిజామాబాద్_నెట్

నేను చూసినవాటిలో జనం ఎక్కువగా తడబడేది వెనక సున్నాల దగ్గర. 2001:db8:1200::1 ని 2001:db8:12::1 అని రాసేస్తారు. ముందు సున్నాలే తీయాలి. 12 అని రాస్తే అది 0012, 1200 కాదు. ff02::1 ని ff2::1 అని రాసినవాళ్లను కూడా చూశా. ఆ సున్నా మధ్యలో ఉంది, తీస్తే 0ff2 అవుతుంది, అది మల్టీకాస్టే కాకుండా పోతుంది.

నా సొంత గొడవ ఒకటి. రౌటర్ fe80::1 దగ్గర ఉందని తెలుసు, కానీ లినక్స్ ల్యాప్‌టాప్ నుంచి పింగ్ చేస్తే Invalid argument అంటోంది. వైఫై పనిచేస్తోంది, నెట్ వస్తోంది. అడ్రస్ రాయడంలో ఏమైనా తేడా ఉందా?

వైజాగ్_వైర్

ff02::1 అంటే బ్రాడ్‌కాస్టే కదా, 255.255.255.255 లాగా.

పాతకేబుల్

పని దగ్గర దగ్గరగా అదే, కానీ ఐపీవీ6లో బ్రాడ్‌కాస్ట్ అనే రకమే లేదు. ff02::1 అంటే ఆ లింక్ మీదున్న అన్ని నోడ్‌లు చేరిన మల్టీకాస్ట్ గ్రూపు. ff చూడగానే మల్టీకాస్ట్ అనుకో, దాని తర్వాతి రెండో అంకె ఎంత దూరం వెళ్తుందో చెబుతుంది. 2 అంటే ఈ లింక్ దాటదు. నిజామాబాద్ అన్న చెప్పిన ff2 తప్పు అందుకే ప్రమాదం, ఆ సున్నా ఒక్కటి పోతే రకమే మారిపోతుంది.

పింగ్ సంగతి. అడ్రస్ రాత సరిగ్గానే ఉంది, సగమే ఉంది. fe80 అడ్రస్ ప్రతి ఇంటర్‌ఫేస్‌కీ ఉంటుంది, వైఫైకి ఒకటి, కేబుల్‌కి ఒకటి, డాకర్ పెట్టుకుంటే దానికీ ఒకటి. fe80::1 ఏ వైపు ఉందో కెర్నల్‌కి నువ్వే చెప్పాలి:

```
ping fe80::1%wlan0
```

విండోస్‌లో అయితే % తర్వాత పేరు బదులు ఇంటర్‌ఫేస్ నంబర్ వస్తుంది. ఆ % భాగం ఆ మెషీన్ వరకే చెల్లుతుంది, నీ దగ్గరున్న wlan0 పక్కవాడికి ఏమీ కాదు. కాబట్టి దాన్ని కాన్ఫిగ్ ఫైల్‌లో పెట్టి ఇంకో మెషీన్‌కి కాపీ చేయొద్దు.

నిజామాబాద్_నెట్

పనిచేసింది. ఇంటర్‌ఫేస్ పేరు నాది wlp2s0, అది పెట్టగానే జవాబు వచ్చింది. బ్రౌజర్‌లో మాత్రం % పెట్టి తెరిస్తే రావట్లేదు.

పాతకేబుల్

బ్రౌజర్లు దాన్ని సరిగా పట్టించుకోవు. రౌటర్‌కి వేరే రకం అడ్రస్ ఉంటే దాంతో తెరువు. స్క్వేర్ బ్రాకెట్లు మాత్రం తప్పనిసరి, [2001:db8::1]:8080 ఇలా. లేకపోతే 8080 పోర్టో, అడ్రస్‌లో ఆఖరి గ్రూపో తేలదు.

డల్లాస్_శ్రీను

ప్రసాద్ రెండో డౌట్‌కి ఇంకా ఎవరూ సరిగ్గా చెప్పలేదు. fe80 పెట్టడం దండగ. లింక్ లోకల్ ప్యాకెట్‌ని రౌటర్ అవతలికి పంపదు, వెండర్ ఎక్కడో ఉన్నాడు కాబట్టి అది మీ దాకా రానే రాదు. fdతో ఉన్నది వాళ్ల లోపలి నెట్‌వర్క్‌ది, ఇంటర్నెట్‌లో దానికి దారి ఉండదు. మీ ఇద్దరి మధ్య వీపీఎన్ ఉంటేనే అది మీ లాగ్‌లో కనబడుతుంది. వీపీఎన్ లేకపోతే పెట్టాల్సింది 2001 ఒక్కటే. గ్లోబల్ అడ్రస్‌లు ప్రస్తుతం 2 లేదా 3తో మొదలవుతాయి. మీ ఫోన్లో చూడండి, జియో అయితే 2409, ఎయిర్‌టెల్ అయితే 2401 కనబడుతుంది.

ఇంకోటి, ఆ 2001 అడ్రస్ చేత్తో ఇచ్చిందా, ఆటోమేటిక్‌గా వచ్చిందా అడగండి. ఆటోమేటిక్ అయితే టెంపరరీ అడ్రస్‌లు ఆన్‌లో ఉండొచ్చు. బయటకు వెళ్లే కనెక్షన్‌కి మామూలుగా దాన్నే వాడతాయి, డిఫాల్ట్ సెట్టింగ్‌లో రోజుకొకటి మారుతుంది. అప్పుడు మీ పోలిక ఎంత సరిగ్గా రాసినా రేపు మళ్లీ తోసేస్తుంది.

ప్రసాద్_లాగ్స్

వీపీఎన్ లేదు. ఆఖర్న ::1 అని కాకపోయినా అసలు అడ్రస్ కూడా అలాగే చిన్న అంకెతోనే ముగుస్తుంది, చేత్తో ఇచ్చిందే అయి ఉండాలి. అయినా అడుగుతాను. ఒకవేళ మారేదైతే మొత్తం /64 పెట్టేయమంటారా?

డల్లాస్_శ్రీను

వెండర్ ఒప్పుకుంటే పెట్టొచ్చు, అయితే ఆ /64లో ఉన్న ప్రతి మెషీన్‌నీ నమ్మినట్టే. సర్వర్‌కి స్థిరమైన అడ్రస్ పెట్టమని అడగడమే నాకు నచ్చుతుంది.

ప్రిఫిక్స్ రాసేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త. నేను పనిచేసిన చోట ఇలాగే జరిగింది. మాకు కావాల్సింది ఇది:

```
2001:db8:0:cd30::/60
```

టికెట్‌లో నుంచి ఎక్కించిన మనిషి మధ్యలో సున్నా ఉంది కదా, కుదిద్దాం అని 2001:db8::cd30/60 అని కొట్టాడు. చూడ్డానికి దాదాపు ఒకటే. విప్పి చూస్తే cd30 నాలుగో గ్రూపు నుంచి ఎనిమిదో గ్రూపుకి జారిపోయింది. మొదటి 60 బిట్లలో అది లేనే లేదు. డివైస్ మిగతాది కోసేసి 2001:db8::/60 అని నిశ్శబ్దంగా తీసుకుంది. మాకు అనుమతి కావాల్సిన నెట్‌వర్క్‌లు cd30 నుంచి cd3f దాకా పదహారు, అనుమతి వచ్చినవి 0 నుంచి f దాకా వేరే పదహారు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. కావాల్సినవాళ్లు ఆగిపోయారు, అక్కర్లేనివాళ్లకు తలుపు తెరుచుకుంది.

పాతకేబుల్

ఇది 4291లోనే ఉదాహరణగా ఉంది, ఇలా రాయొద్దు అని ఇచ్చారు. ఆఖర్న :: తీసేసి 2001:db8:0:cd30/60 అని రాయడం కూడా చెల్లదు, నాలుగు గ్రూపులే ఉన్నాయి కాబట్టి. కానీ అదైతే వెంటనే ఎర్రర్ ఇస్తుంది, శ్రీను చెప్పింది ఇవ్వదు, అందుకే అది ఎక్కువ చెడ్డది. పైథాన్‌లో ip_networkకి ఇస్తే మాత్రం హోస్ట్ బిట్లు ఉన్నాయని ఒప్పుకోదు. strict=False పెడితే అది కూడా మౌనంగా కోసేస్తుంది, కాబట్టి అది పెట్టొద్దు.

వైజాగ్_వైర్

శ్రీను గారూ, fdకి ఇంటర్నెట్‌లో దారి లేదంటే అదే కదా నేను సేఫ్ అన్నది. మా రెండు బ్రాంచీల్లో fd00::/48 వాడుతున్నాం, రాయడానికి ఎంత హాయిగా ఉంటుందో. సర్వర్ fd00::10, ప్రింటర్ fd00::20.

పాతకేబుల్

రెండు బ్రాంచీల్లోనూ అదే fd00::/48నా? ఏదో ఒక రోజు వాటి మధ్య వీపీఎన్ వేస్తారు. ఆ రోజు fd00::10 రెండు చోట్లా ఉంటుంది. fd తర్వాత నలభై బిట్లు యాదృచ్ఛికంగా తీసుకోమన్నది అందుకే. ఆర్‌ఎఫ్‌సీ 4193 ఉద్దేశమే అది. చిన్నగా రాయొచ్చు కదా అని సున్నాలు ఎంచుకుంటే 192.168.1.0 దగ్గర పడ్డ తిప్పలే మళ్లీ పడతాం.

వైజాగ్_వైర్

ఫోన్లో సైట్ ఇంజనీర్‌కి fd7c:91e4:a05b అని చదివి వినిపించడం మీరు చేస్తారా? రెండు ఆఫీసులే ఉన్నాయి, ఒకదానికి fd00:1, ఇంకోదానికి fd00:2 ఇస్తే చాలు.

నిజామాబాద్_నెట్

నేను వైజాగ్ వైపే. చిన్న సెటప్‌కి అది సరిపోతుంది.

పాతకేబుల్

మీ రెండు ఆఫీసుల మధ్య సరిపోతుంది. మూడో కంపెనీతో కలపాల్సి వస్తే వాళ్లూ fd00:1 అనే పెట్టుకుని ఉంటారు. నేనైతే ఒప్పుకోను, మీ ఇష్టం.

సుజాత_డీబీ

ప్రసాద్, పాత లాగ్‌ల సంగతి చూసుకున్నారా? grep '2001:db8::1' అని వెతికితే 2001:db8::10 కూడా వస్తుంది, 2001:db8::1:0:0:2 కూడా వస్తుంది. ఆ మూడూ వేరు వేరు మెషీన్లు. మీకు కావాల్సిన వెండర్‌ది మాత్రం 2001:DB8:0:0:1::1 అని ఉంది కాబట్టి రాదు. అంటే కావాల్సింది రాదు, అక్కర్లేనిది వస్తుంది. లాగ్‌లో లైను లైనూ తీసి ముందు ip_addressగా మార్చి ఆ తర్వాతే వెతకండి.

డేటాబేస్‌లో అయితే పోస్ట్‌గ్రెస్‌లో inet టైప్ ఉంది, మైఎస్‌క్యూఎల్‌లో INET6_ATON పెట్టి VARBINARY(16)లో దాచొచ్చు. టెక్స్ట్‌గానే దాచాలంటే నేను పూర్తిగా విప్పిన 39 అక్షరాల రూపమే దాస్తాను, అక్షర క్రమంలో పెట్టినా అడ్రస్ క్రమంలోనే వస్తాయి, ప్రిఫిక్స్‌తో వెతకడం కూడా తేలిక.

డల్లాస్_శ్రీను

నేను 5952 రూపమే దాస్తాను మేడమ్. సపోర్ట్ వాళ్లు ఫైర్‌వాల్ స్క్రీన్ నుంచి కాపీ చేసి వెతుకుతారు, వాళ్ల చేతిలో ఉండేది అదే.

సుజాత_డీబీ

వెతికే పెట్టెలో పడింది విప్పి వెతికితే సరి. కాపీ చేసే మనిషిని నమ్ముకుని కాలమ్ డిజైన్ చేయలేం.

ప్రసాద్_లాగ్స్

అప్‌డేట్. పోలిక మార్చాను, టెస్ట్ సర్వర్‌లో వెండర్ కనెక్షన్ తీసుకుంటోంది. వాళ్లది స్థిరమైన అడ్రసేనని జవాబు వచ్చింది, కాబట్టి 2001ది ఒక్కటే ఉంచి మిగతా రెండూ తీసేశాను. ఈలోగా లాగ్‌లో కొత్త రకం కనబడింది. ఐపీవీ4లో వచ్చే ఇంకో వెండర్ ఒక చోట ::ffff:192.0.2.10 అని, ఇంకో చోట ::ffff:c000:20a అని పడుతున్నాడు. అదీ ఒకటేనా?

పాతకేబుల్

ఒకటే. 192 అంటే c0, 0 అంటే 00, 2 అంటే 02, 10 అంటే 0a. కలిపితే c000:020a, ముందు సున్నా తీస్తే 20a. నీ సర్వర్ ఒకే సాకెట్ మీద రెండు వెర్షన్లూ వింటోంది, అందుకని ఐపీవీ4 కనెక్షన్‌ని ఇలా చుట్టి చూపిస్తోంది. ఇలాంటివాటికి చుక్కల రూపం వాడమనే 5952 సలహా. నీ కొత్త పోలికలో ఒక్కటి చూసుకో, జాబితాలో 192.0.2.10 అని ఉంటే పైథాన్ దాన్నీ దీన్నీ సమానం అనదు. ముందు a.ipv4_mapped చూసి, అందులో ఏదైనా ఉంటే దాంతో పోల్చు.

కొత్త_బ్యాచ్

ఎగ్జామ్‌లో 2001:0:0:1:0:0:0:1 కుదించమంటే 2001::1:0:0:0:1 రాయొచ్చా?

నిజామాబాద్_నెట్

వెనక సున్నాలు మూడు, ముందు రెండు. పొడవైనదే కుదించాలి కాబట్టి 2001:0:0:1::1 రాయి తమ్ముడూ. నీది చెల్లుతుంది కానీ మార్కులు వేసే మాస్టారు 5952 చదివారో లేదో మేం చెప్పలేం.

ప్రసాద్_లాగ్స్

ipv4_mapped పెట్టాక ఆ వెండర్‌ది కూడా దాటింది. ప్రొడక్షన్‌కి గురువారం వెళ్తుంది. జాబితా స్క్రీన్‌లో ఎవరు ఏ రూపంలో కొట్టినా సేవ్ చేసేటప్పుడు ప్రామాణిక రూపం చూపించి, ఇదేనా అని అడిగేలా కూడా పెట్టాను. శ్రీను గారు చెప్పిన cd30 అక్కడ ఇచ్చి చూశాను, ఎర్రర్ వచ్చింది.